మన కాఫీ పొడి కంపెనీ ఎటు ఎదగాలి: ఆన్సాఫ్ మ్యాట్రిక్స్‌తో ఒక పరిశీలన

భాగస్వాములందరికీ నమస్కారం.

చేతిలో ఉన్న 40 లక్షలు ఎక్కడ పెట్టాలో ఆదివారం మీటింగ్‌లో తేల్చాలి. బీచ్ రోడ్డులో కేఫ్ పెడదామని కొందరు, సీసాల్లో డికాక్షన్ అమ్ముదామని కొందరు అంటున్నారు. 1957లో ఇగోర్ ఆన్సాఫ్ ఇచ్చిన మ్యాట్రిక్స్ అడిగేవి రెండే ప్రశ్నలు: సరుకు పాతదా కొత్తదా, కొనేవాళ్లు పాతవాళ్లా కొత్తవాళ్లా? ఆ జవాబులను బట్టి నాలుగు గడులు వస్తాయి. రెండూ కొత్తవైతే రిస్క్ అన్నిటికంటే ఎక్కువ.

ముందు మార్కెట్ పెనెట్రేషన్, అంటే ఉన్న పొడినే ఉన్న ఊళ్లో ఇంకా ఎక్కువ అమ్మడం. నా దృష్టిలో అసలు డబ్బు ఇక్కడే ఉంది. గాజువాక కౌంటర్ దగ్గర చూడండి. జీతాలు పడగానే అరకిలో పట్టిస్తారు. మర పట్టిన పొడి వాసన రెండు వారాలకే తగ్గిపోతుంది. మూడో వారం వాళ్లింట్లో పక్క కిరాణా కొట్టు ఇన్‌స్టంట్ సాచెట్ కనిపిస్తుంది. కస్టమర్ మనల్ని వదిలేయలేదు, మన పొడే వాడిపోయింది. మధ్యాహ్నం ఖాళీగా ఉండే మరలో తాజాగా పట్టి, వారానికోసారి 200 గ్రాముల ప్యాకెట్ ఇంటికి పంపితే ఆ మూడో వారం మనది అవుతుంది. దీనికి 12 లక్షలు చాలు.

మార్కెట్ డెవలప్‌మెంట్‌కి, అంటే ఉన్న పొడినే కొత్త ఊళ్లలో అమ్మడానికి, చాలామంది హైదరాబాద్ అంటున్నారు. అక్కడ పోటీ తట్టుకోవాలంటే ప్రకటనలకే డబ్బంతా పోతుంది. విజయనగరం, శ్రీకాకుళం దాటి బరంపురం వరకు వెళ్దాం. అక్కడ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, రైల్లో సరుకు పంపొచ్చు. ఇద్దరు డీలర్లతో మొదలుపెట్టడానికి 8 లక్షలు.

ప్రొడక్ట్ డెవలప్‌మెంట్‌లో, అంటే పాతవాళ్లకే కొత్త సరుకు అమ్మడంలో, చికోరీ లేని అరకు అరబికా పొడి సులువు. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది, పేరు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇప్పుడు 80:20 కాఫీ-చికోరీ పొడి కొంటున్నవాళ్లకే ముందు శాంపిల్ ఇద్దాం. ఖర్చు తక్కువే, పై 12 లక్షల్లోనే సర్దుకోవచ్చు.

సీసా డికాక్షన్‌ని కూడా ఈ గడిలోనే వేశారు. నేను ఒప్పుకోను. ఇంట్లో ఫిల్టర్ ఉన్నవాళ్లు దాన్ని ఎందుకు కొంటారు? కొనేది రుషికొండ, మధురవాడల్లో అద్దెకుండే కుర్రాళ్లు. వాళ్లు మన దుకాణం మెట్టెక్కినవాళ్లు కారు. పైగా ఫ్యాక్టరీ నుంచి షాపు ఫ్రిజ్ దాకా చల్లగా ఉంచాలి, అది మనకు రాని పని. సరుకూ కొత్తదే, కొనేవాళ్లూ కొత్తవాళ్లే, కాబట్టి అది డైవర్సిఫికేషన్.

కేఫ్ కూడా అంతే. అద్దె, వంటవాళ్లు, రాత్రి షిఫ్టు అన్నీ మనకు కొత్త. ఈ ఏడాది వద్దు.

మిగిలిన 20 లక్షలు కొత్త పంట గింజల కొనుగోలుకి అట్టే పెట్టాలని నా ప్రతిపాదన. ధర పెరిగితే, చేతిలో గింజ లేకుండా ఇంటింటికీ ఇచ్చిన మాట నిలబెట్టుకోలేం. అభ్యంతరాలుంటే లెక్కలతో ఆదివారం తీసుకురండి.