మ్యూజియం సందర్శన వర్క్‌షీట్: 6వ ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మీరు చూసిన వాటిలో మూడు వస్తువులను ఎంచుకోండి. ఒక్కొక్కటి ఏ పెద్ద చారిత్రక అంశానికి సాక్ష్యమో చెప్పి, మూడింటినీ ఒకే వాదనతో కలపండి. వస్తువు మీద కంటికి కనిపించే ఆధారం తప్పనిసరి.

సందర్శించిన చోటు: బ్రిటిష్ మ్యూజియం, లండన్

ఎంచుకున్నవి: బీరు కేటాయింపుల మట్టి పలక (దక్షిణ ఇరాక్, సుమారు క్రీ.పూ. 3100–3000), రొసెట్టా శిల (ఈజిప్టు, క్రీ.పూ. 196); మింగ్ వంశపు కాగితపు నోటు (చైనా, 1375 నుంచి జారీ)

జవాబు:

ఈ మూడూ పాలన అవసరాల కోసం పుట్టిన రాతలే. రాత అధికారానికి గుర్తు అనేది మామూలుగా వినిపించే మాట. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. పాలకుల దగ్గర ఏదో ఒకటి చాలనప్పుడు ఆ లోటు పూడ్చడానికి రాత వచ్చింది. మొదటి దాంట్లో చాలనిది జ్ఞాపకశక్తి, రెండో దాంట్లో ప్రజల అంగీకారం, మూడో దాంట్లో లోహం.

మట్టి పలక అరచేతిలో పట్టేంత ఉంటుంది. అడుగు మొనదేలిన జాడీ బొమ్మ బీరుకు గుర్తు. మనిషి తల, దాని పక్కన గిన్నె కలిసిన గుర్తుకు తినడం లేదా కూలిగా ఇచ్చే ఆహారం అని అర్థం. గుండ్రటి, అర్ధవృత్తాకార గుంటలు అంకెలు. ఇందులో కథ గానీ ప్రార్థన గానీ లేదు, ఉన్నది లెక్క మాత్రమే. నగరాలు పెరిగి, పని చేసేవాళ్లకు ధాన్యం, బీరు కొలిచి ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఎవరికెంత ముట్టిందో నోటి లెక్కతో గుర్తుంచుకోవడం కుదరలేదు. కాబట్టి ఈ పలక నగరాల, పరిపాలనా యంత్రాంగాల పుట్టుక అనే అంశానికి చెందుతుంది. ఒక హద్దు మాత్రం ఉంది: పలక ఇచ్చినవాళ్ల వైపు నుంచే మాట్లాడుతుంది. ఆ కూలి సరిపోయిందో లేదో దీన్ని బట్టి చెప్పలేం.

రొసెట్టా శిలను చాలామంది ప్రాచీన ఈజిప్టు చిత్రలిపిని చదవడానికి దొరికిన తాళంచెవిగానే చూస్తారు. 1822లో ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ ఆ లిపిని చదవడంలో సాధించిన ఫలితం గొప్పదే, కానీ శిలను చెక్కించింది అందుకు కాదు. అయిదో టోలెమీ పసితనంలోనే రాజయ్యాడు. ఈ శాసనం నాటికి అతనికి సుమారు 13 ఏళ్లు. వంశం మాసిడోనియా మూలాలది, దేశపు దక్షిణ భాగం తిరుగుబాటులో ఉంది. మెంఫిస్‌లో సమావేశమైన పూజారులు రాజును స్తుతిస్తూ ఈ తీర్మానం చేశారు. అదే తీర్మానంలో వాళ్లకు దక్కినవీ ఉన్నాయి: కొన్ని పన్నుల రద్దు, ఏటా రాజధాని అలెగ్జాండ్రియాకు పడవలో వెళ్లాల్సిన అవసరం లేకపోవడం. అంటే ఇది ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం. కంటికి కనిపించే ఆధారం లిపుల వరుస: పైన దేవాలయాల చిత్రలిపి, మధ్యలో రోజువారీ పత్రాల డెమోటిక్, అన్నిటికీ కింద పాలకుల గ్రీకు. పాలించే భాష అట్టడుగున ఉండటం గమనించాలి. పరాయి వంశం స్థానిక మతం సాయంతో తన పాలనను సమర్థించుకోవడం ఇక్కడి పెద్ద అంశం.

మింగ్ నోటు మల్బరీ బెరడు కాగితం మీద అచ్చు వేసినది. విలువ 1000 నాణేలు. చదవడం రాని వాడికీ అర్థమయ్యేలా, తాళ్లకు గుచ్చిన నాణేల బొమ్మ వేశారు: పది దండలు, దండకు వంద చొప్పున. కింద హెచ్చరిక ఉంది: దొంగనోట్లు చేసేవారికి శిరచ్ఛేదం, పట్టిచ్చినవారికి చైనా తూకం ప్రకారం 250 లియాంగుల వెండి, దానికి తోడు నేరస్థుడి ఆస్తి. నోటు బలహీనత ఇక్కడే బయటపడుతుంది. కాగితాన్నే నమ్మమని చెప్పే ప్రభుత్వం బహుమతిని మాత్రం వెండిలో ఇస్తానంటోంది! రాగి కొరత వల్ల నోట్లు తెచ్చారు, కానీ వాటిని తెచ్చిచ్చినవారికి బదులుగా లోహం ఇచ్చే ఏర్పాటు లేదు. అచ్చు పెరిగేకొద్దీ విలువ పడిపోయింది, 15వ శతాబ్దంలో జనం వెండివైపు మళ్లారు. ప్రభుత్వ పరపతి, ద్రవ్యోల్బణం దీని అంశాలు.

మూడింటిలో తేడా కూడా ముఖ్యమే. పలక వెనక గిడ్డంగిలో నిజమైన సరుకు ఉంది. శిల వెనక రెండు పక్షాలకూ లాభం ఉంది. నోటు వెనక ఎక్కువగా ఉన్నది బెదిరింపు, అందుకే దాని మాట ఎక్కువ కాలం చెల్లలేదు. అయితే మూడు వస్తువులతో అన్ని రాజ్యాలకూ వర్తించే సూత్రం చేయడం తొందరపాటు అవుతుంది. వీటి మధ్య కాలం, దూరం రెండూ చాలా ఎక్కువ.

రొసెట్టా శిల మీద మూడు లిపులున్నాయని అందరూ చెప్పుకుంటారు. నిజానికి పక్క అంచుల మీద రంగుతో రాసిన ఇంగ్లీషు కూడా ఉంది: 1801లో బ్రిటిష్ సైన్యం ఈజిప్టులో దీన్ని చేజిక్కించుకుందని ఒక వైపు, మూడో జార్జి రాజు బహూకరించాడని ఇంకో వైపు. 1799లో దీన్ని కనుగొన్నది ఫ్రెంచి సైనికులు, చెక్కించింది ఈజిప్టు పూజారులు. ఆయుధబలంతో దక్కిన వస్తువుకు కూడా యాజమాన్యాన్ని రాసి చూపాల్సి వచ్చింది.