ఇంటి నుంచి పని: హన్మకొండ ఆఫీసు నియమాలు

ఇవి మన హన్మకొండ ఆఫీసులో కోడింగ్, బిల్లింగ్, కాలింగ్ టీముల్లో ఉన్న అందరికీ వర్తిస్తాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఇంతకుముందు వాట్సాప్ గ్రూపుల్లోనో మెయిళ్లలోనో ఎవరు ఏం చెప్పి ఉన్నా ఆ రోజు నుంచి అవి చెల్లవు, "మా టీం లీడ్ అప్పుడు ఒప్పుకున్నడు" అన్నమాట ఇక నడవదు. మన పని అమెరికా ఆసుపత్రుల క్లెయిములు, అంటే ఎవరికి ఏ రోగం ఉందో, ఏ మందు వాడుతున్నారో మన స్క్రీన్ మీద కనిపిస్తుంది. అందుకే ఇందులో ఎక్కువ భాగం భద్రత గురించే ఉంది. మిగతాది గబగబా చదివినా ఆ భాగం మాత్రం నిదానంగా చదవండి.

ఎవరికి ఇస్తాం

చేరి ఆరు నెలలు నిండాలి, ప్రొబేషన్ అయిపోయి ఉండాలి, గత రెండు నెలల క్వాలిటీ స్కోరు 95 శాతానికి తగ్గకూడదు. ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లకు లేదు, ఎందుకంటే పక్క సీటువాళ్లను అడిగి నేర్చుకునే పని ఇది, ఫోన్‌లో నేర్పితే ఇద్దరి టైమూ పోతుంది. వారానికి గరిష్ఠంగా మూడు రోజులు. మంగళవారం మాత్రం అందరూ ఆఫీసుకు రావాల్సిందే, ఆడిట్ మీటింగ్ ఆ రోజే ఉంటుంది.

ఇంట్లో తలుపు వేసుకునే గది ఒకటి ఉండాలి. కోడింగ్ వాళ్లకు గది అంతా ఖాళీగా ఉండకపోయినా, స్క్రీన్ ఎవరికీ కనపడకుండా ఒక మూల ఉంటే సరే. కాలర్లకు అట్లా కుదరదు, పేషెంట్ పేరు, పుట్టినతేదీ పైకి చదువుతారు కాబట్టి తలుపున్న గది తప్పనిసరి. హాస్టళ్లలో, షేరింగ్ రూముల్లో ఉండేవాళ్లకు అందుకే ఇవ్వలేకపోతున్నాం. ఇది మీ మీద నమ్మకం లేక కాదు, పక్క మంచం మీద పడుకున్నవాళ్లతో మనకు ఒప్పందం లేదు కాబట్టి.

పని చేసేది మీరు రికార్డులో ఇచ్చిన అడ్రస్ నుంచే. నర్సంపేటలోనో పరకాలలోనో జనగామలోనో సొంతిల్లు ఉండి అక్కడి నుంచి చేస్తామంటే అభ్యంతరం లేదు, ఆ అడ్రస్ ముందుగా హెచ్ఆర్‌కు ఇవ్వండి, పిలిస్తే మూడు గంటల్లో ఆఫీసులో ఉండగలగాలి. పెళ్లికి పోయి ఫంక్షన్ హాల్లో కూర్చొని లాగిన్ అవ్వడం, రైల్లో చేయడం కుదరదు. మేడారం జాతర, బతుకమ్మ, దసరా రోజుల్లో ఊరికి పోవాలనుకుంటే లీవ్ పెట్టి హాయిగా పోండి. జాతర జనంలో సిగ్నల్ దొరకదని తెలిసి కూడా "అక్కడి నుంచే చేస్తా" అని అడగకండి.

వానల సంగతి వేరే. 2023 జూలైలో నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు ఏమైందో అందరికీ తెలుసు. వాతావరణ శాఖ మన జిల్లాకు రెడ్ అలర్ట్ ఇస్తే ఆ రోజు లాప్‌టాప్ దగ్గరున్న అందరూ ఇంటి నుంచే చేయవచ్చు, మంగళవారమైనా సరే, మూడు రోజుల లెక్కలోకి రాదు. ఇంట్లోకే నీళ్లొస్తే పని సంగతి పక్కన పెట్టి ముందు మనుషులను చూసుకోండి, ఒక మెసేజ్ పెడితే చాలు, లీవ్ కోత ఉండదు.

సామాను

ఆఫీసు ఇచ్చేవి: లాప్‌టాప్, చార్జర్, మౌస్, హెడ్‌సెట్, కోడింగ్ వాళ్లకు అదనంగా ఒక మానిటర్, కరెంటు పోయినా రౌటర్ నడిచేలా ఒక చిన్న యూపీఎస్. బల్ల, కుర్చీ, ఇన్వర్టర్ మీవే. నెట్ బిల్లుకు నెలకు 800 రూపాయల వరకు ఇస్తాం, బిల్లు మీ పేరు మీదైనా ఇంట్లోవాళ్ల పేరు మీదైనా పర్వాలేదు, నెలాఖరులోగా అప్‌లోడ్ చేయాలి. నెట్ కనీసం 50 ఎంబీపీఎస్ ఫైబర్ ఉండాలి. ఫోన్ హాట్‌స్పాట్ అత్యవసరానికే, దాని మీద షిఫ్ట్ మొత్తం లాగొద్దు.

వాడుకలో పాతబడి పాడైతే ఖర్చు ఆఫీసుది. పిడుగు పడి కాలినా ఆఫీసుదే, కానీ ఉరుములు మొదలయ్యాక ప్లగ్గు తీసేసి బ్యాటరీ మీద చేయండి. టీ ఒలికిందనో, పిల్లలు కింద పడేశారనో అయితే మొదటిసారి ఆఫీసే పెట్టుకుంటుంది, రెండోసారి నుంచి రిపేరు ఖర్చులో సగం మీది. కోతులు కేబుల్ తెంపితే మీ నెట్ వాళ్లే వచ్చి సరిచేయాలి. నవ్వొచ్చే మాటే, కానీ మన దగ్గర నెట్ పోవడానికి ఇదొక పెద్ద కారణం, డాబా మీద నుంచి వచ్చే వైరును పైపులో వేయించుకోండి.

లాప్‌టాప్‌ను బయట షాపులో విప్పించొద్దు. స్క్రూ ఒక్కటి వదులైనా ఆఫీసుకు తెండి, ఐటీ వాళ్లు అప్పటికి వేరేది ఇస్తారు. దాని మీద సినిమాలు, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, తమ్ముడి ఉద్యోగం అప్లికేషన్, ఏవీ వద్దు.

పని వేళలు

కోడింగ్, బిల్లింగ్ షిఫ్ట్ ఉదయం 9 నుంచి సాయంత్రం 6. కాలింగ్ షిఫ్ట్ సాయంత్రం 6:30 నుంచి రాత్రి 3:30. అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పుతారు కాబట్టి ఆ సోమవారం నుంచి కాలర్ల షిఫ్ట్ 7:30కు మారుతుంది, మళ్లీ మార్చి రెండో ఆదివారం తర్వాత 6:30కు వస్తుంది. నవంబర్‌లో ప్రతిసారీ ఆ సోమవారం కొందరు గంట ముందే కూర్చుంటున్నారు, క్యాలెండర్‌లో పెట్టుకోండి.

రెండు షిఫ్టుల్లోనూ గంట బ్రేక్ ఉంటుంది, తిండికి ముప్పావుగంట, టీకి పావుగంట. ఇంట్లో ఉన్నంత మాత్రాన పని గంటలు పెరగవు. వారానికి 48 గంటలు దాటి చేయించాలంటే మేనేజర్ ముందుగా మెయిల్‌లో రాసి అడగాలి, దానికి ఓవర్‌టైం కట్టాలి. ఫోన్ చేసి "ఇంట్లనే ఉన్నవ్ గదా, రెండు చార్టులు చూసిపెట్టు" అంటే ఒప్పుకోనక్కర్లేదు, ఒప్పుకోలేదని ఎవరూ ఏమీ అనకూడదు. షిఫ్ట్ అయ్యాక మెసేజ్‌కు జవాబు ఇవ్వకపోతే తప్పు కాదు.

మీ కెమెరా రోజంతా ఆన్‌లో ఉంచమని అడగం, స్క్రీన్ ఫొటోలు తీసే సాఫ్ట్‌వేర్ కూడా పెట్టలేదు. లాగిన్ టైము, ఎన్ని క్లెయిములు అయ్యాయి, క్వాలిటీ ఎంత, ఇవే చూస్తాం. షిఫ్ట్‌లో టీం లీడ్ చాట్ చేస్తే పది నిమిషాల్లో జవాబు రావాలి, బ్రేక్‌లో ఉంటే స్టేటస్ మార్చి పోండి.

కరెంటు గానీ నెట్ గానీ పోతే పదిహేను నిమిషాల్లో టీం లీడ్‌కు ఫోన్ చేయండి, పోయింది కరెంటైతే 1912కు కంప్లయింట్ చేసి ఆ నంబరు కూడా పంపండి. గంటలోపు వస్తే సమస్యే లేదు. గంట దాటితే పగటి షిఫ్ట్ వాళ్లు ఆఫీసుకు రావాలి, లేదంటే అదే వారంలో ఆ గంటలు పూర్తిచేయాలి. రాత్రి షిఫ్ట్‌లో ఎవరినీ బయలుదేరమనం. తప్పనిసరై పిలిస్తే ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఆఫీసు క్యాబ్ ఇంటికి వస్తుంది, సొంత బండి మీద రావొద్దు. ఒకే నెలలో ఇది నాలుగుసార్లు జరిగితే మీ ఇంటి లైన్ బాగయ్యేదాకా ఆఫీసు నుంచే చేయాలి.

సమాచార భద్రత

అమెరికాలో 1996లో వచ్చిన హిపా చట్టం ప్రకారం పేషెంట్ వివరాలను కాపాడతామని ఆసుపత్రులకు ఒప్పందంలో రాసిచ్చాం. పేరు ఒక్కటే కాదు, పుట్టినతేదీ, అడ్రస్, ఇన్సూరెన్స్ నంబరు, జబ్బు వివరం అన్నీ అందులోకి వస్తాయి. ఒక్క స్క్రీన్ ఫొటో బయటికి పోతే క్లయింట్ పోతాడు, ఆ క్లయింట్ మీద బతికే టీం మొత్తం పోతుంది.

కాబట్టి పని చేసే బల్ల మీద మీ సొంత ఫోన్ ఉండకూడదు. ఓటీపీ కోసం కావాలంటే చూసుకొని మళ్లీ దూరంగా పెట్టండి. స్క్రీన్‌ను ఫొటో తీసి "ఈ కోడ్ కరెక్టేనా" అని వాట్సాప్‌లో అడగడం మన దగ్గర బాగా అలవాటైంది, పేషెంట్ పేరు మీద వేలు అడ్డం పెట్టి తీసినా సరే, అది నేరుగా సస్పెన్షన్ దాకా పోయే తప్పు. డౌట్ ఉంటే ఆఫీసు చాట్‌లో క్లెయిమ్ నంబరు ఇచ్చి అడగండి. కాగితం మీద పేషెంట్ వివరాలు రాసుకోవడం వద్దు, ప్రింట్ తీయడం వద్దు, సొంత మెయిల్‌కు పంపుకోవడం వద్దు. ఫైల్ సైజు తగ్గించడానికో భాష మార్చడానికో బయటి వెబ్‌సైట్లలో వేయడం కూడా బయటికి ఇచ్చినట్టే. పెన్‌డ్రైవ్ పోర్టులు ఎట్లాగూ మూసేశాం.

లేచినప్పుడల్లా `Windows + L` నొక్కండి, నీళ్లు తాగడానికి పోయినా సరే. పాస్‌వర్డ్ భార్యకూ భర్తకూ కూడా చెప్పొద్దు. ఇంటికి చుట్టాలు వస్తే "ఏం పని చేస్తున్నవ్ బిడ్డా, చూపియ్" అంటారు, ప్రేమతోనే అంటారు, లాప్‌టాప్ మూసి మాట్లాడండి. కాలర్లు స్పీకర్ పెట్టొద్దు, హెడ్‌సెట్ తోనే మాట్లాడాలి.

రౌటర్ వచ్చినప్పటి అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చకపోతే వారంలోగా మార్చండి, చాలా ఇళ్లలో ఇంకా `admin` అనే ఉంటుంది. వైఫై సెట్టింగ్ `WPA2` లేదా `WPA3` ఉండాలి. పక్కింటివాళ్లకు వైఫై ఇవ్వాలనుకుంటే గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి ఇవ్వండి, పని నడిచే నెట్‌వర్క్ కాదు. వీపీఎన్ లేకుండా పోర్టల్ తెరుచుకోదు. అప్‌డేట్ వచ్చిందంటే ఆ రోజు షిఫ్ట్ అయ్యేలోపు రీస్టార్ట్ చేయండి, వాయిదా వేస్తూ పోవద్దు.

"ఐటీ నుంచి మాట్లాడుతున్నా, ఎనీడెస్క్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. మన ఐటీ వాళ్లు ఓటీపీ ఎప్పుడూ అడగరు. జీతం స్లిప్పు, పీఎఫ్ కేవైసీ, కొరియర్ అని వచ్చే లింకుల్లో పంపినవాళ్ల అడ్రస్ పూర్తిగా చూడకుండా నొక్కొద్దు.

పొరపాటున నొక్కారు, లేదా లాప్‌టాప్ పోయింది, లేదా వేరే క్లయింట్‌కు వేరే ఫైల్ పోయింది, ఏదైనా సరే అరగంటలోపు మీ ఐడీ కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేయండి, అర్ధరాత్రైనా ఎత్తుతారు. తొందర ఎందుకంటే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇటువంటి సైబర్ సంఘటనలు తెలిసిన ఆరు గంటల్లోపు మనం రిపోర్ట్ చేయాలి, ఆ లోపు ఏం పోయిందో తేల్చుకోవాలి. లాప్‌టాప్‌ను దొంగలు ఎత్తుకుపోతే దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి కాపీ పంపండి. మీ సొంత డబ్బులు కూడా పోతే 1930కు వెంటనే కాల్ చేయండి. టైంకు చెప్పినవాళ్ల మీద ఆ పొరపాటుకు చర్య ఉండదు. దాచి, తర్వాత ఆడిట్‌లో బయటపడితే ఇంటి నుంచి పని వెంటనే రద్దవుతుంది, విచారణ ఉంటుంది.

రద్దు, వాపసు

స్కోరు వరుసగా రెండు నెలలు 95 కింద ఉంటే ఆఫీసుకు రావాలి, మళ్లీ రెండు నెలలు బాగుంటే తిరిగి అడగవచ్చు. క్లయింట్ వద్దంటే వారం ముందు చెప్పి ఆపేస్తాం. కాదన్న ప్రతి అప్లికేషన్‌కూ మేనేజర్ కారణం రాసివ్వాలి, అది నచ్చకపోతే పది రోజుల్లోగా హెచ్ఆర్‌కు రాయండి. ఉద్యోగం మానేస్తే ఆఖరి రోజే సామాను మొత్తం అప్పగించాలి, చార్జర్‌తో సహా. దూరం ఊళ్ల వాళ్లు కొరియర్‌లో పంపొద్దు, ఎవరో ఒకరు చేత్తో తెచ్చి ఐటీ డెస్క్‌లో రసీదు తీసుకోవాలి, రసీదు లేకుండా ఫైనల్ సెటిల్‌మెంట్ ముందుకు కదలదు.