రిటర్న్, రీఫండ్ షరతులు, మీ వివరాల గోప్యత: కస్టమర్ల కోసం తెలుగులో

మీరు మా దగ్గర చీర కొన్నా, గాజులు కొన్నా, ఆవకాయ తెప్పించుకున్నా ఇక్కడ రాసిన షరతులే వర్తిస్తాయి. "మేము" అంటే హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో షాపు, ఉప్పల్‌లో గోడౌన్ ఉన్న మా ఆన్‌లైన్ స్టోర్. "మీరు" అంటే ఆర్డర్ పెట్టినవాళ్లు. కానుకగా అందుకున్నవాళ్లు కూడా బిల్లు నంబరు చెప్పి రిటర్న్ అడగవచ్చు. డబ్బు మాత్రం కట్టినవాళ్లకే వెళ్తుంది.

"చేస్తాం" అని రాసిన చోట అది మా బాధ్యత, తప్పించుకోలేం. "చేయవచ్చు" అంటే మీ ఇష్టం. "చేయాలి" అంటే అది షరతు, అది జరిగితేనే తర్వాతిది జరుగుతుంది. "పని రోజు" అంటే ఆదివారాలు, తెలంగాణ ప్రభుత్వ సెలవులు కాని రోజు.

ముందుగా, చట్టం ఇచ్చిన హక్కు

సరుకు పాడైనదైనా, నకిలీదైనా, వెబ్‌సైట్‌లో చూపినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా దాన్ని వెనక్కి తీసుకోం అనే అధికారం అమ్మినవాళ్లకు లేదు. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ఈ మాట చెబుతున్నాయి. వరదలు, బంద్‌ల లాంటి మా చేతిలో లేని కారణాల వల్ల ఆలస్యమైతే మాత్రం మినహాయింపు ఉంది. అలాంటప్పుడు కూడా విషయం మీకు ముందే మెసేజ్‌లో చెబుతాం. కింద రాసిన ఏ షరతూ ఈ హక్కును తగ్గించదు. ఎక్కడైనా తగ్గించినట్టు అనిపిస్తే ఆ వాక్యం చెల్లదని అనుకోండి.

మనసు మార్చుకుంటే

రంగు నచ్చలేదు, ఇంట్లో వద్దన్నారు, అలాంటి చీరే ఇంకోటి ఉంది. కారణం ఏదైనా సరే, డెలివరీ అయిన మర్నాటి నుంచి లెక్కపెట్టి 7 రోజుల్లోపు రిటర్న్ అడగవచ్చు. ఏడో రోజు సెలవైతే తర్వాతి పని రోజు దాకా గడువు ఉంటుంది. మీరు అడిగిన రోజే లెక్క. మా మనిషి వచ్చి తీసుకెళ్లడం ఆలస్యమైతే ఆ భారం మీమీద పడదు.

చీరకు ట్యాగ్ ఉండాలి, ఉతికి ఉండకూడదు, ఫాల్ కుట్టించి ఉండకూడదు, బ్లౌజ్ పీస్ కత్తిరించి ఉండకూడదు. మడత విప్పి చూడటం, భుజంమీద వేసుకుని అద్దంలో చూసుకోవడం వాడకం కిందికి రావు. చీర కొనేవాళ్లు అలా చూసుకోకుండా ఎలా ఉంటారు? కొత్త బట్టకు ఓ మూల పసుపు పెట్టడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఉంచుకుందామని తేల్చుకున్నాకే పెట్టండి. పసుపు అంటిన చీరను ఇంకొకరికి కొత్తదిగా అమ్మలేం కాబట్టి మనసు మార్చుకున్న కారణంతో తీసుకోలేం. అదే చీరలో లోపం కనిపిస్తే పసుపు ఉన్నా తీసుకుంటాం.

మీ కొలతలకు కుట్టిన బ్లౌజ్, మీటర్ల లెక్కన కోసిచ్చిన బట్ట, సీలు తీసిన పచ్చడి డబ్బా మనసు మార్చుకున్నందుకు రిటర్న్‌కు రావు. లోపం ఉంటే వీటిని కూడా తీసుకుంటాం.

గాజులకు సైజు మార్పిడి ఒకసారి ఉచితం. 2.4 అంటే లోపలి వ్యాసం రెండు అంగుళాలు, దానిపై అంగుళంలో పదహారింట నాలుగు వంతులు. దశాంశం అనుకుని ఆర్డర్ పెట్టి చాలామంది ఇబ్బంది పడుతున్నారు. మీకు సరిపోయే పాత గాజును స్కేలుతో కొలిచి చూసుకోవచ్చు.

లోపం అంటే ఏది, ఏది కాదు

చేనేతలో ఈ గీత ఎక్కడుందో చెప్పకపోతే గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

పోచంపల్లి ఇకత్‌లో నూలును ముందు ముడివేసి, రంగు అద్ది, తర్వాత నేస్తారు. అందుకే డిజైను అంచులు పదునుగా కాక కొంచెం చెదిరినట్టు కనిపిస్తాయి. అది ఇకత్ లక్షణం, లోపం కాదు. గద్వాల చీరలో ఒంటిభాగానికీ అంచుకూ మధ్య అతుకు గీత కనిపిస్తుంది. నేత పద్ధతి వల్ల వచ్చేదే అది. మగ్గంమీద అక్కడక్కడ దారం ముడి, కాస్త లావెక్కిన పోగు రావడం కూడా సహజం.

చిరుగు, చిల్లు, వేలు దూరేంతగా పోగులు తప్పిన చోటు, నూనె మరక, ఊడిపోతున్న జరీ, వెబ్‌సైట్‌లో రాసినదానికంటే తక్కువ పొడవు, బ్లౌజ్ పీస్ లేకపోవడం, ఇవన్నీ లోపాలే. పట్టు అని రాసి పట్టు కానిది పంపితే అది లోపం కాదు, మోసం. అలాంటి చీరకు గడువు లేదు, ఎప్పుడు తేలినా మొత్తం డబ్బు తిరిగిస్తాం. రంగు దిగడం గురించి: ముదురు రంగు నూలు చీర మొదటి ఉతుకులో కొంచెం దిగవచ్చు, ఆ మాట చీర పేజీలోనే రాస్తాం. రాయని చీర రంగు దిగితే, లేదా రాసిన చీరలోనే ఒక రంగు పక్క రంగుమీదికి పాకితే, అది లోపం.

లోపం ఉందని డెలివరీ నుంచి 15 రోజుల్లోపు చెప్పాలి. ఉతికితేగానీ, కట్టితేగానీ బయటపడని లోపానికి 30 రోజులు. ఒకటి రెండు ఫొటోలు చాలు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకుంటే మీకే సులువు, కానీ వీడియో లేదన్న కారణంతో ఎవరి రిటర్న్‌నూ తిరస్కరించం.

తిరిగి పంపడం, డబ్బు రావడం

ఔటర్ రింగ్ రోడ్డు లోపల ఉన్న చిరునామాలకు రెండు పని రోజుల్లో మా మనిషి వస్తారు. మిగతా ఊళ్లకు కొరియర్ పంపుతాం. కొరియర్ రాని ఊరైతే మీరు స్పీడ్ పోస్టులో పంపవచ్చు. లోపం ఉన్న సరుకుకు ఆ రసీదు మొత్తం మేమే చెల్లిస్తాం.

సరుకు ఉప్పల్ గోడౌన్‌కు చేరాక రెండు పని రోజుల్లో చూసి, ఆ తర్వాతి పని రోజున మా వైపు నుంచి డబ్బు పంపుతాం. మీరు కట్టిన ఖాతాకే వెళ్తుంది. బ్యాంకులో జమ అయ్యేసరికి ఇంకో 5 నుంచి 7 పని రోజులు పట్టవచ్చు. అప్పటికీ రాకపోతే బ్యాంకును అడగడానికి పనికొచ్చే రిఫరెన్స్ నంబరు ఇస్తాం.

లెక్క ఇలా ఉంటుంది. చీర 4,800 రూపాయలు, డెలివరీ 60, మొత్తం 4,860 కట్టారనుకుందాం. లోపం ఉంటే 4,860 అంతా తిరిగి వస్తుంది. మనసు మార్చుకుంటే డెలివరీ 60 రాదు, పికప్ ఖర్చు 90 తగ్గుతుంది, మీకు 4,710 వస్తాయి. ఇంతకుమించి ఏ పేరుతోనూ కోత ఉండదు. పార్సిల్ బయల్దేరకముందు ఆర్డర్ రద్దు చేసుకుంటే కట్టినదంతా వెనక్కి వస్తుంది.

డెలివరీ అప్పుడు నగదు ఇచ్చినవాళ్లను యూపీఐ ఐడీ గానీ, బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ గానీ అడుగుతాం. ఓటీపీ, పిన్ ఎప్పుడూ అడగం. డబ్బు రావడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టాల్సిన పని ఎవరికీ ఉండదు. అలా చేయమన్నవాళ్లు మా మనుషులు కారు. అప్పటికే డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

రిటర్న్ ఒప్పుకోకపోతే కారణం ఫొటోతో సహా రాతలో పంపుతాం, సరుకును మా ఖర్చుతోనే మీ ఇంటికి చేరుస్తాం.

మీ వివరాలు: ఏవి తీసుకుంటాం, ఎందుకు

పేరు, ఫోన్ నంబరు, చిరునామా డెలివరీకి కావాలి. ఈమెయిల్ ఇవ్వడం మీ ఇష్టం. కార్డు నంబరు మా దగ్గర నిల్వ ఉండదు, చెల్లింపు అయ్యిందో లేదో, దాని ఐడీ ఎంతో మాత్రమే మాకు తెలుస్తుంది. కార్ట్‌లో ఏం పెట్టారో గుర్తుంచుకోవడానికి కుకీలు వాడతాం. ప్రకటనల కుకీలు మీరు ఒప్పుకుంటేనే.

బ్లౌజ్ కుట్టించుకునేవాళ్ల ఒంటి కొలతల విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడుతున్నాం. టైలర్‌కు వెళ్లే చీటీమీద ఆర్డర్ నంబరు, కొలతలు తప్ప పేరు, ఫోన్ ఉండవు. బ్లౌజ్ అందిన 60 రోజులకు కొలతలు తీసేస్తాం. మళ్లీ కుట్టించుకోవడానికి దాచమని మీరు చెబితేనే దాస్తాం.

రిటర్న్ కోసం మీరు పంపే ఫొటోల్లో, వీడియోల్లో మీ ఇల్లు, పిల్లలు, గోడమీది ఫొటోలు పడుతుంటాయి. అవి రిటర్న్ చూసే సిబ్బందికి తప్ప ఎవరికీ కనిపించవు. వ్యవహారం ముగిసిన 90 రోజులకు చెరిపేస్తాం. ఫిర్యాదు నడుస్తుంటే అది తేలేదాకా ఉంచుతాం. మీ ఫొటోను మా ప్రచారానికి వాడుకోవాలంటే విడిగా అడిగి, మీరు సరేనన్నాకే వాడతాం.

కొరియర్‌కు పేరు, చిరునామా, ఫోన్ ఇస్తాం. కానుక అందుకునేవాళ్ల నంబరును డెలివరీకి తప్ప దేనికీ వాడం. మీ వివరాలు ఎవరికీ అమ్మం. కోర్టు, లేదా చట్టప్రకారం అధికారం ఉన్న ప్రభుత్వ సంస్థ అడిగితే అడిగినంతవరకే ఇస్తాం.

పండగ ఆఫర్ల మెసేజ్‌లకు టిక్ పెట్టే గడి ఖాళీగానే ఉంటుంది. మీరు పెడితేనే మెసేజ్‌లు వస్తాయి. వద్దనుకుంటే STOP అని పంపితే చాలు, ఆ రోజుతో ఆగిపోతాయి. అందువల్ల మీ ఆర్డర్‌కు గానీ రిటర్న్‌కు గానీ ఏ తేడా రాదు.

బిల్లులను మాత్రం మీరు అడిగినా ముందే తీసేయలేం. జీఎస్టీ చట్టం ప్రకారం ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి.

మా దగ్గర మీ వివరాలు ఏమున్నాయో అడగవచ్చు, తప్పుంటే దిద్దించుకోవచ్చు, అవసరం తీరినవి చెరిపించుకోవచ్చు, మీ తర్వాత ఈ హక్కులు వాడుకునే మనిషిని నామినీగా చెప్పవచ్చు. ఇవి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023లో ఉన్న హక్కులు. ఆ చట్టం దశలవారీగా అమల్లోకి వస్తున్నా మేము ఇప్పటి నుంచే పాటిస్తాం. 18 ఏళ్లలోపువాళ్లు తల్లిదండ్రుల చేత ఆర్డర్ పెట్టించాలి. మీ వివరాలు బయటికి పొక్కితే ఏం పోయింది, మీరు ఏం చేయాలి అన్నది ఆలస్యం చేయకుండా మీకే నేరుగా చెబుతాం.

మా జవాబు నచ్చకపోతే

గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, నంబరు ప్రతి బిల్లు వెనక, వెబ్‌సైట్‌లో ప్రతి పేజీ అడుగున ఉంటాయి. తెలుగులో చెప్పవచ్చు, తెలుగులోనే జవాబిస్తాం. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెబుతాం, నెలలోపు పరిష్కరిస్తాం.

మా దగ్గరికి రాకుండానే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసే హక్కు కూడా మీకుంది. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలంటే హైదరాబాద్ రావాల్సిన పని లేదు. మీరు ఉండే చోటి లేదా ఉద్యోగం చేసే చోటి జిల్లా కమిషన్‌లో వేయవచ్చు, సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి.

భాష, మార్పులు

ఈ షరతులు ఇంగ్లీషులో కూడా ఉన్నాయి. రెండింటి మధ్య తేడా కనిపిస్తే కస్టమర్‌కు ఏది మేలో అదే చెల్లుతుంది. షరతులు మారిస్తే 15 రోజుల ముందు వెబ్‌సైట్‌లో పెడతాం, ఏ వాక్యం మారిందో గుర్తుపెట్టి చూపిస్తాం. పాత ఆర్డర్‌లకు కొత్త షరతులు అంటగట్టం. మీరు ఆర్డర్ పెట్టిన రోజున ఉన్న షరతులే ఆ ఆర్డర్‌కు చివరిదాకా వర్తిస్తాయి.