కొత్త మత ఉద్యమాలు: ఎలా పుడతాయి, ఎందుకు అనుమానిస్తారు?
(డిగ్రీ రెండో సంవత్సరం సోషియాలజీ విద్యార్థులకు పరిచయ పాఠం)

పోయిన నెల మనం రామతీర్థం వెళ్లినప్పుడు గురుభక్తులకొండ ఎక్కి బౌద్ధ విహారాల ఇటుక గోడలు చూశాం. పక్కన దుర్గకొండ దగ్గర జైన తీర్థంకరుల శిల్పాలు చూశాం. దిగి వచ్చి రామస్వామి గుడిలో ప్రసాదం తీసుకున్నాం. బస్సు ఎక్కుతుంటే వెనక వరసలోంచి ఒక అమ్మాయి, "మేడమ్, ఈ కొండల మీద వాళ్లు కూడా ఒకప్పుడు కొత్తగా వచ్చినవాళ్లే కదా, ఊళ్లో వాళ్లు ఏమనుకుని ఉంటారు?" అని అడిగింది. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ పాఠం ఆ ప్రశ్న కోసమే రాశాను.

మన విజయనగరంలో సిరిమాను చూడనివాళ్లు ఉండరు. పైడితల్లి అమ్మవారి కథ 1757 నాటి బొబ్బిలి యుద్ధంతో ముడిపడి ఉందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. అంటే మనం అనాదిగా ఉందనుకునే ఆరాధనకు కూడా జనం చెప్పుకునే ఒక మొదలు ఉంది. కొత్తదనం అనేది ఎప్పుడు, ఎవరు చూస్తున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. సోషియాలజీలో మాత్రం కొత్త మత ఉద్యమాలంటే దాదాపుగా గత 200 ఏళ్లలో పుట్టి, ఇంకా సమాజంలో స్థిరమైన చోటు పూర్తిగా సంపాదించుకోని బృందాలు. ఈ మాట జపాన్ నుంచి వచ్చింది. అక్కడ 19వ శతాబ్దం నుంచి పుట్టుకొచ్చిన కొత్త మతాలకు వాడిన పేరునే 1970ల నుంచి పాశ్చాత్య పరిశోధకులు తీసుకున్నారు. అంతకుముందు వాడే 'కల్ట్' అనే మాట పత్రికల చేతిలో తిట్టుగా మారిపోయింది. మన దగ్గర 'దొంగ బాబా' అన్న మాటా అంతే. వినగానే తీర్పు ఇచ్చేస్తుంది, ఇక పరిశీలించడానికి ఏమీ మిగలదు. కొత్త పేరు వాడినంత మాత్రాన ఆ బృందానికి మంచిదని సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు. ముందు చూద్దాం, తర్వాత చెబుదాం అన్నంత వరకే దాని పని.

ఎక్కడో అమెరికాలో మొదలుపెట్టే బదులు మన సరిహద్దులో మొదలుపెడతాను. సీతంపేట ఏజెన్సీలో ఉండే సవరలకు ఒడిశా వైపు బంధువులు, భాష, పండుగలు అన్నీ ఉన్నాయి. ఆ వైపున 1936లో మంగై గొమాంగో అనే ఆయన సవర భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశారు. అది ఉత్త లిపి కాదు. అక్షరమే బ్రహ్మమని, ఒక్కో అక్షరం ఒక్కో దేవతకు గుర్తని ఆయన అనుచరులు నమ్మారు. అక్షరాలకే పూజ చేశారు. ఒక్క క్షణం ఆ రోజుల్లో ఉన్నట్టు ఊహించుకోండి. సవరల చుట్టూ ఒడియా రాసేవాళ్లున్నారు, తెలుగు రాసేవాళ్లున్నారు, బైబిల్ పట్టుకున్న మిషనరీలున్నారు. అందరి దేవుడికీ పుస్తకం ఉంది, అందరి కాగితం ముందూ సవర మనిషి వేలిముద్ర వేయాలి. అలాంటి చోట మా మాటకూ రాత ఉంది, ఆ రాతే మా దేవుడు అని ఒక మనిషి చెబితే ఎంత బలం వస్తుందో ఆలోచించండి. అంతకుముందే మన శ్రీకాకుళం జిల్లా మనిషి గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని, తెలుగు లిపిలో వాళ్లకు వాచకాలు రాశారు. ఆయన కృషి గొప్పదే, కానీ ఆ లిపి బయటి నుంచి వచ్చింది. సొరాంగ్ సొంపెంగ్ లోపలి నుంచి వచ్చింది. ఇవాళ అది యూనికోడ్‌లో కూడా ఉంది. మతం అంటే నమ్మకం ఒక్కటే కాదు, గౌరవం కోసం చేసే ప్రయత్నం కూడా అని నాకు ఈ ఉదాహరణ చూపినంత బాగా ఇంకేదీ చూపలేదు.

అదే ఒడిశాలో 19వ శతాబ్దంలో మహిమా ధర్మం పుట్టింది. మహిమా గోసాయి దాని గురువు, భీమ భోయి దాని కవి. విగ్రహం లేదు, కులం లేదు, నిరాకారమైన అలేఖుడే దేవుడు. 1881లో ఈ ధర్మానికి చెందిన కొందరు పూరీ జగన్నాథుడి గుడిలోకి చొరబడ్డారు. దాంతో వాళ్ల మీద గట్టి అనుమానం పడింది. భీమ భోయి పాటలు మాత్రం ఇవాళ ఒడియా సాహిత్యంలో పాఠాలు. ఒక ఉద్యమంలో కొందరు చేసిన పని, ఆ ఉద్యమం మొత్తం చెప్పిన మాట ఒకటే కావని గుర్తుంచుకోవడానికి ఇది పనికొస్తుంది. ఇక బ్రహ్మసమాజం (1828), ఆర్యసమాజం (1875), తెలుగు నేల మీద 1938లో దేవదాసు అయ్యగారు మొదలుపెట్టిన బైబిల్ మిషన్ గురించి మీ పుస్తకంలోనే ఉంది, చదువుకోండి.

వీటన్నిటి వెనకా కొన్ని మార్పులు కనిపిస్తాయి. అచ్చుయంత్రం, రైలు, పరాయి పాలన, కులం మీద కోపం, చదువుకున్న ఆడవాళ్ల ఆశలు. పాత మతం చెప్పే జవాబులు కొత్త జీవితానికి సరిపోని చోట కొత్త గొంతు లేస్తుంది. ఆ గొంతు సాధారణంగా ఒక మనిషిది. మాక్స్ వెబర్ 'కరిష్మా' అన్నది దీన్నే. పదవి వల్లనో వంశం వల్లనో కాకుండా, ఈ మనిషిలో ఏదో ఉందని జనం నమ్మడం వల్ల వచ్చే అధికారం అది. అందుకే ఆ మనిషి పోయాక అసలు పరీక్ష మొదలవుతుంది. వారసుడెవరు, ఆస్తి ఎవరిది, చివరి మాట ఎవరిది అన్న తగాదాలు అక్కడే వస్తాయి. నిలబడ్డవి సంస్థలవుతాయి.

జనం ఎందుకు చేరతారు? బోధ విని మారిపోయారని మనం అనుకుంటాం. పరిశోధనలు చెప్పేది వేరు. 1960లలో అమెరికాలో లాఫ్లాండ్, స్టార్క్ అనే ఇద్దరు సోషియాలజిస్టులు ఒక చిన్న బృందాన్ని దగ్గర్నుంచి గమనించారు. సిద్ధాంతం కంటే ముందు స్నేహం వస్తుందని, లోపల ఉన్నవాళ్లతో బంధం బలపడి బయటివాళ్లతో పలచబడినప్పుడే మనిషి చేరతాడని వాళ్లు చూశారు. ఇది మనకు తెలియనిది కాదు. మన ఊళ్ల నుంచి హైదరాబాద్‌కో చెన్నైకో వలస వెళ్లిన మనిషికి, ఆదివారం పేరు పెట్టి పిలిచి, జ్వరం వస్తే గంజి తెచ్చి ఇచ్చేవాళ్లు దొరికితే అక్కడికి వెళ్తాడు. అది భజన మందిరమైనా, ప్రార్థన గది అయినా, ధ్యాన కేంద్రమైనా సరే. భర్త తాగుడు మానినందుకు చేరిన ఆడవాళ్లు మీ వీధుల్లోనే ఉంటారు. వాళ్లను అమాయకులని కొట్టిపారేయడం అన్యాయం.

ఇప్పుడు అనుమానం సంగతి. అది చాలాసార్లు పోలీస్ స్టేషన్‌లో కాదు, వంటింట్లో మొదలవుతుంది. 1930లలో సింధ్‌లోని హైదరాబాద్‌లో లేఖరాజ్ కృపలానీ అనే వజ్రాల వ్యాపారి ఓం మండలి అనే సత్సంగం పెట్టారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్లు బ్రహ్మచర్యం పాటిస్తామన్నారు. పెళ్లయిన ఆడది ఆ మాట అంటే ఇంట్లో ఏమవుతుందో వేరే చెప్పాలా! పెద్దమనుషులు వ్యతిరేక కమిటీ పెట్టారు, కేసులు వేశారు, మండలి వాళ్లు కరాచీకి వెళ్లిపోయారు. దేశ విభజన తర్వాత 1950లో మౌంట్ అబూ చేరారు. అదే ఇవాళ్టి బ్రహ్మకుమారీలు, చాలా ఊళ్లలో తెల్ల చీరల్లో కనిపించేవాళ్లు. అప్పటి కుటుంబాల బాధ నిజమే. కానీ ఆ అనుమానంలో ఎంత భాగం హాని గురించి, ఎంత భాగం ఆడవాళ్లు చెప్పుచేతల్లోంచి జారిపోతున్నారన్న భయం గురించి? ఈ ప్రశ్న వేయకుండా ఆ చరిత్ర చదవకండి.

మరి అనుమానమంతా ఉత్తదేనా? కాదు. 1978 నవంబర్ 18న గయానాలోని జోన్స్‌టౌన్‌లో పీపుల్స్ టెంపుల్ అనే మత బృందం సభ్యులు 909 మంది చనిపోయారు. వాళ్లలో దాదాపు మూడో వంతు పిల్లలు. విషం తాగమన్నది వాళ్ల నాయకుడు జిమ్ జోన్స్. దాన్ని సామూహిక ఆత్మహత్య అంటారు, నేను అనలేను. పసిపిల్ల ఆత్మహత్య చేసుకోదు. 1995 మార్చి 20న జపాన్‌లో ఓం షిన్రిక్యో అనే కొత్త మత బృందం వాళ్లు టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు వదిలారు. చేసినవాళ్లలో బాగా చదువుకున్న సైంటిస్టులున్నారు. దానికి ఐదారేళ్ల ముందే, 1989లో, ఆ బృందంపై పోరాడుతున్న ఒక లాయర్‌ను, ఆయన భార్యను, ఏడాది నిండిన పిల్లాడిని వాళ్లు చంపేశారు. గుర్తింపు ఉన్న మత సంస్థ అన్న మొహమాటం కూడా పోలీసులను వెనక్కి లాగిందని తర్వాత విమర్శలు వచ్చాయి. తొందరపడి అనుమానించడంలో ఎంత ప్రమాదం ఉందో, అనుమానించాల్సిన చోట మొహమాటపడటంలోనూ అంతే ఉంది. నా జాగ్రత్త రెండు వైపులా ఉండటానికి కారణం ఇదే.

ఇక 'బ్రెయిన్ వాష్' అనే మాట. ఇది కొరియా యుద్ధం రోజుల్లో, 1950లలో, యుద్ధ ఖైదీల గురించి బాగా ప్రచారంలోకి వచ్చింది. తర్వాత మతాలకు అతికించారు. అమెరికాలో కొందరు తల్లిదండ్రులు ఎదిగిన పిల్లల్ని ఎత్తుకొచ్చి, గదుల్లో బంధించి నమ్మకం వదిలించడానికి డబ్బు కట్టారు. బ్రిటన్‌లో ఐలీన్ బార్కర్ యూనిఫికేషన్ చర్చి అనే కొత్త మత బృందం శిబిరాలను పరిశీలిస్తే, వచ్చినవాళ్లలో పదింట తొమ్మిది మంది చేరనే లేదు. తిరుగులేని మంత్రమే అయితే అలా జరగదు. అయితే ఒత్తిడి లేదని కాదు. నిద్ర లేకుండా చేయడం, ఇంటికి ఫోన్ చేయనివ్వకపోవడం, వెళ్లిపోతే కీడు జరుగుతుందని భయపెట్టడం, ఇల్లు అమ్మి కానుక ఇప్పించడం, ఇవన్నీ కళ్లకు కనిపించే పనులు. వీటికి ఆధారాలు అడగొచ్చు, చూపొచ్చు. 'మైండ్ మార్చేశారు' అంటే మాత్రం చేతికి ఏమీ చిక్కదు.

మన చట్టం ఎక్కడ నిలబడుతుంది? రాజ్యాంగం 25వ అధికరణ నచ్చిన మతాన్ని పాటించే, ప్రచారం చేసే హక్కు ఇస్తూ, శాంతిభద్రతలు, నీతి, ఆరోగ్యం అనే హద్దులు పెట్టింది. 1985లో కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలోని ముగ్గురు పిల్లల్ని, జాతీయ గీతం పాడలేదని బడి నుంచి తీసేశారు. వాళ్లు గౌరవంగా లేచి నిలబడ్డారు, పాడలేదంతే. 1986లో సుప్రీంకోర్టు పిల్లల పక్షాన తీర్పు ఇచ్చింది. వాళ్ల నమ్మకం మనకు వింతగా ఉందా లేదా అన్నది కోర్టు చూడలేదు, అది నిజమైన నమ్మకమా కాదా అన్నది చూసింది.

బస్సులో ఆ ప్రశ్న వేసిన అమ్మాయి తర్వాత స్టాఫ్ రూమ్‌కి వచ్చింది. వాళ్ల అక్క ఒక కొత్త సత్సంగానికి వెళ్తోందట, ఇంట్లో రోజూ టెన్షన్, నాన్న మాట్లాడటం మానేశాడు. ఏం చేయాలమ్మా అంటే నాకు మంత్రమేమీ తెలియదు. "అక్క ఇంటికి వస్తోందా? తన జీతం తన దగ్గరే ఉందా? అక్కడ ప్రశ్న అడిగితే జవాబు చెబుతున్నారా, కోప్పడుతున్నారా? మానేసినవాళ్లతో మాట్లాడనిస్తున్నారా?" అని అడిగాను. మొదటి రెండింటికీ అవునంది, మిగతావి తెలియదంది. అయితే నాన్నను మాట్లాడమను, నువ్వు ఒకసారి అక్కతో కలిసి వెళ్లు అన్నాను. ఇంట్లో తలుపు మూసుకుపోతే అక్కకు మిగిలేది అక్కడి తలుపు ఒక్కటే.

వచ్చే గురువారానికి మీ పని ఇది. మీ ఊళ్లో గత యాభై ఏళ్లలో మొదలైన ఏదో ఒక మత బృందం దగ్గరికి ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఎందుకు వచ్చారో ముందే చెప్పండి. అడగకుండా ఫొటోలు, రికార్డింగులు వద్దు. చేరినవాళ్లతో ఒకరితో, చేరనివాళ్లతో ఒకరితో, వీలైతే మానేసినవాళ్లతో ఒకరితో మాట్లాడండి. పేర్లు రాయొద్దు. కళ్లతో చూసింది ఒక పేజీలో, విన్నది మరో పేజీలో రాసి తీసుకురండి. రెండూ కలపకండి.