ఆదివారం నేనన్న మాట గురించి

ప్రియ నేస్తమా,

ఆదివారం సాయంత్రం నిన్ను నేనన్న మాట గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్ చేద్దామని రెండుసార్లు అనుకొని మానుకున్నాను. ఫోన్‌లో అయితే నేను నోరు విప్పగానే నువ్వు "పోనీలే, వదిలెయ్" అంటావు, నేను కూడా గండం గడిచిందనుకొని వదిలేస్తాను, ఆ మాట మాత్రం నీలో అలాగే ఉండిపోతుంది.

"సగంలో వదిలేయడం నీకు కొత్తేమీ కాదుగా" అన్నాను. "కోపంలో ఏదో అన్నాను" అని రాస్తే మరోసారి తప్పించుకున్నట్టే అవుతుంది కనుక, ఉన్నదున్నట్టు రాశాను. నువ్వు పరిశోధనను నాలుగో సంవత్సరంలో ఆపేసిన సంగతి నాకు తెలుసు. అది ఎందుకు ఆపవలసి వచ్చిందో, దాన్ని తలచుకొని ఎన్ని రాత్రులు నిద్రపోలేదో కూడా నువ్వే నాతో చెప్పావు. నన్ను నమ్మి చెప్పుకున్న దాన్నే ఎత్తి నీ మీద విసిరాను. పరుషంగా మాట్లాడటం ఒక తప్పు, ఇది అంతకంటే పెద్ద తప్పు. అది నాకు తెలియనట్టు నటించను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ మాట నా నమ్మకం కాదు. కోపంలోనే మనసులో ఉన్న నిజం బయటపడుతుందని చాలామంది అంటారు, నువ్వు కూడా ఈ నాలుగు రోజులూ అలాగే అనుకుంటూ ఉండి ఉంటావని నా భయం. నా అనుభవంలో మాత్రం కోపం వెతికేది నిజాన్ని కాదు, ఎదుటివారికి ఎక్కడ తగిలితే ఎక్కువ నొప్పి పుడుతుందో ఆ చోటును. నీ విషయంలో నాకు ఆ చోటు ముందే తెలుసు, అందుకే వెతుక్కోవలసిన అవసరం కూడా రాలేదు. ఆ క్షణంలో నిన్ను మౌనంగా ఉండేలా చేయాలనుకున్నాను, నీ గురించి ఒక అభిప్రాయం చెప్పాలనుకోలేదు. నువ్వు నిజంగానే మౌనంగా సంచి తీసుకొని లేచి వెళ్లిపోయినప్పుడు, గెలిచినవాళ్లకు ఉండే సంతోషం నాలో ఆవగింజంత కూడా లేదు.

అంత కోపం ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే దానికి కారణం నువ్వు కాదు. మనిద్దరం కలిసి రాస్తున్న పుస్తకాన్ని రెండు నెలలు వాయిదా వేద్దామని ఆ రోజు నువ్వు అన్నది ఐదో అధ్యాయం కోసం. ఆ అధ్యాయం నేను రాసింది. భూమి సూర్యుడికి దగ్గరైనప్పుడు వేసవి, దూరమైనప్పుడు చలికాలం వస్తాయని అందులో నిర్లక్ష్యంగా రాసేశాను. భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లోనని, రుతువులు మారడానికి కారణం దూరం కాదు, భూమి అక్షం సుమారు 23.5 డిగ్రీలు వంగి ఉండటమని, భూమికి ఒక సగంలో వేసవి ఉన్నప్పుడు రెండో సగంలో చలికాలం ఉండటమే అందుకు రుజువని నువ్వు పక్కన పెన్సిల్‌తో రాశావు. ఆ నాలుగు వరుసలు చదువుతున్నప్పుడే నా మొహం వేడెక్కింది. పిల్లల కోసం సైన్సు పుస్తకం రాస్తున్నవారు చేయకూడని తప్పు అది. "ఇది చదివిన పిల్లలు ఈ తప్పును పదేళ్లు మోస్తారు" అని నువ్వు మామూలుగానే అన్నావు. నాకు మాత్రం అది, మన పుస్తకానికి బొమ్మలు గీసే మిత్రుడి ఎదుట, నా చదువు మీద పడిన దెబ్బలా తోచింది. సిగ్గుపడుతున్నానని ఒప్పుకోలేక ఆ సిగ్గును కోపంగా మార్చి నీ మీదికి తిప్పాను. తప్పు దిద్దమన్న మనిషినే పని వదిలేసే మనిషి అన్నానంటే, ఆ వేళ నా మాటలో పొంతన కూడా లేదని నీకు అర్థమవుతుంది.

నేను నిజంగా ఏమి నమ్ముతానో చెప్పడానికి పొగడ్తలు అక్కరలేదు, జరిగినవే చాలు. పరిశోధన ఆపేసిన ఆ నెలలో నేను నీ గదికి వచ్చాను. అమ్మగారి జబ్బుతో ఊపిరాడని ఆ రోజుల్లో కూడా నువ్వు నీ కొలతల పుస్తకాలన్నిటికీ వరుస సంఖ్యలు వేసి, తర్వాత వచ్చే విద్యార్థికి అర్థమయ్యేలా ప్రతి పట్టిక కింద వివరణ రాసి అప్పగించావు. దాన్ని సగంలో వదిలేయడం అని ఎవరైనా అంటే, ఆ ఆదివారానికి ముందు నేను వారితో పోట్లాడి ఉండేదాన్ని. ఆ తర్వాత మూడేళ్లు అమ్మగారిని చివరి వరకు చూసుకున్నది కూడా నువ్వే. ఇక ఈ పుస్తకం సంగతే తీసుకుంటే, పన్నెండు అధ్యాయాలలో నీ వంతు ఆరూ ఎప్పుడో పూర్తయ్యాయి, ఆలస్యమైనవన్నీ నావే. నా రాతను మూడుసార్లు చదివి దిద్దిన మనిషివి నువ్వు. మొండితనం నీ లోపమని ఎప్పుడైనా అంటే అది నా నిజమైన అభిప్రాయం కావచ్చు (అది నీకూ తెలిసిందే), చేపట్టిన పని వదిలేస్తావన్నది మాత్రం నేను ఏనాడూ అనుకోనిది.

ఆ రోజు మన మధ్య కూర్చొని తలవంచుకున్న మిత్రుడితో కూడా నేను మాట్లాడాను. నేనన్నది అబద్ధమని, ఐదో అధ్యాయంలోని తప్పు నాదేనని చెప్పాను. నీ పరిశోధన ఎందుకు ఆగిందో మాత్రం చెప్పలేదు, అది చెప్పే హక్కు నాకు లేదు. అతని ముందు అన్న మాటను అతని ముందే వెనక్కి తీసుకోవాలనిపించింది, అంతే.

ఒక్క విషయంలో మాత్రం నీతో ఇంకా ఏకీభవించలేకపోతున్నాను, దాన్ని దాచిపెడితే ఈ ఉత్తరంలో మిగతావి కూడా నిన్ను ఊరడించడానికి రాసినవే అనిపిస్తాయి. వాయిదా అవసరమే కానీ, రెండు నెలలు ఎక్కువని, నెల రోజులు సరిపోతాయని నా అభిప్రాయం. ఇది పుస్తకం గురించిన వాదన, దీన్ని తర్వాత ఎప్పుడైనా తీరిగ్గా తేల్చుకుందాం. నువ్వు కాదంటే రెండు నెలలకే ఒప్పుకుంటాను, కానీ నన్ను క్షమించినందుకు బదులుగా నేను ఒప్పుకున్నానని నువ్వు అనుకోవద్దు, నేనూ అనుకోను.

వెంటనే జవాబు రాయాలని కానీ, బాధ తగ్గిందని నాతో చెప్పాలని కానీ నేను అడగడం లేదు. తగ్గకపోతే తగ్గలేదనే చెప్పు, వింటాను. మధ్యలో నన్ను నేను సమర్థించుకోను. వచ్చే ఆదివారం వరకు నేనుగా ఫోన్ చేయను, నువ్వు చేస్తే ఏ వేళకైనా ఎత్తుతాను. నీ పెన్సిల్ గుర్తులున్న ప్రతి నా దగ్గరే ఉంది. ఐదో అధ్యాయాన్ని మొదటి వాక్యం నుంచి తిరిగి రాయడం మొదలుపెట్టాను, వంగిన అక్షం బొమ్మ దగ్గర ఆగాను. అక్కడ నువ్వు వేసిన ప్రశ్న గుర్తుకు అర్థం నాకు తెలియలేదు, నువ్వే చెప్పాలి.

నీ నేస్తం