96 లక్షల పార్టీ మీద మనకు మిగిలిందెంత? 2024-25 పార్టీవారీ లెక్క

బాబాయ్, గురువారం మన కారం, పచ్చళ్ళు కొనే సూపర్ మార్కెట్ చెయిన్ వాళ్ళ కొత్త రేటు కాంట్రాక్టు మీద సంతకం పెట్టే ముందు ఇది పూర్తిగా చదవండి. వాళ్ళు ఇంకో 2 శాతం తగ్గించమంటున్నారు, మన సేల్స్ వాళ్ళేమో "అంత పెద్ద పార్టీ పోతే ఎలా" అని టెన్షన్ పడుతున్నారు. నేను తేల్చిన లెక్కలో ఆ పార్టీ మీద పోయిన ఏడాది మనం 1.25 లక్షలు చేతి డబ్బులు పెట్టుకున్నాం.

టాలీలో ఇది ఎక్కడా కనపడదు. డీజిల్ ఒక పద్దు, జీతాలు ఒక పద్దు, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ అంటే ఓడీ వడ్డీ ఇంకో పద్దు. ఏ ఖర్చు ఎవరి కోసం పెట్టామో మాత్రం ఎవరూ రాయరు. అందుకని బిల్లులు, వ్యాన్ల లాగ్‌బుక్కు, డెబిట్ నోట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని ఒక్కో ఖర్చు ఎవరి వల్ల పుట్టిందో చూసి వాళ్ళ ఖాతాలో వేశాను. షెడ్డు అద్దె, మీ జీతం, నా జీతం లాంటివి ఎవరికీ పంచలేదు, ఎందుకంటే ఒక పార్టీ ఉన్నా పోయినా అవి మారవు. కింద అంకెలన్నీ లక్షల్లో, జీఎస్టీ లేకుండా.

| పార్టీ | బిల్లింగ్ | సరుకు మార్జిన్ | సర్వీసు ఖర్చు | మిగిలింది |
|---|---|---|---|---|
| సూపర్ మార్కెట్ చెయిన్ | 96.00 | 21.12 | 22.37 | -1.25 |
| హోటళ్ళ గ్రూపు | 61.00 | 13.42 | 13.27 | 0.15 |
| కిరాణా వ్యాన్ లైను | 52.00 | 16.12 | 8.74 | 7.38 |
| తాడేపల్లిగూడెం హోల్‌సేల్ | 38.00 | 7.22 | 1.02 | 6.20 |

పై రెండు పార్టీలు కలిపి 157 లక్షల బిల్లింగ్, మనకు దక్కింది మైనస్ 1.10. మనం పెద్దగా పట్టించుకోని కింద రెండిటికీ కలిపి 90 లక్షలే, మిగిల్చింది 13.58.

చెయిన్ సంగతి విడిగా చెప్పాలి. కారం, పసుపు, పచ్చళ్ళు కలిపి సరుకు మీద 30 శాతం, అంటే 28.80 వస్తుంది. అందులో బ్యాక్ మార్జిన్, షెల్ఫు చార్జీల కింద 8 శాతం వాళ్ళే పట్టుకుంటారు, 7.68 అక్కడే పోయింది. ఇంతవరకూ మనందరికీ తెలిసిందే. తెలియనిది వ్యాను. విజయవాడ, గుంటూరు, ఏలూరులో వాళ్ళ 14 స్టోర్లకీ వారానికి రెండుసార్లు సరుకు దింపుతున్నాం, ఏడాదికి 1,456 సార్లు. అద్దె వ్యాను, డ్రైవరు, హెల్పరు కలిసి రోజుకు దాదాపు 3,350 అవుతుంది. అదే వ్యాను కిరాణా లైన్లో రోజుకు 35 షాపులు తిరుగుతుంది, షాపుకి 95 రూపాయలు పడుతుంది. చెయిన్ స్టోర్లకి వెళ్తే సెక్యూరిటీ ఎంట్రీ, ఇన్‌వర్డ్ వాడు టీకి వెళ్ళాడనీ, బార్‌కోడ్ స్కాన్ కావట్లేదనీ గేటు దగ్గరే పొద్దు పోయి రోజుకు ఎనిమిది స్టోర్లు దాటదు. ఒక్కో దింపుడు 420 పడింది, మొత్తం 6.12.

తర్వాత రిటర్నులు. ఎక్స్‌పైరీ దగ్గరపడిన పచ్చళ్ళు, పగిలిన సీసాలు అన్నీ బిల్లు రేటుకే వెనక్కి పంపేశారు, అమ్మకంలో 4.5 శాతం, 4.32. అవి పారబోయడమే తప్ప మనకు పనికిరావు. వాళ్ళ షెల్ఫులు సర్దడానికి మనం పెట్టిన ఇద్దరు కుర్రాళ్ళ జీతం 3.84 (వాళ్ళలో ఒకడు ఖాళీ దొరికితే వేరే కంపెనీ బిస్కెట్లు కూడా సర్దుతున్నాడు, అది ఇంకో కథ). పండగ ఆఫర్లు 2.88. డబ్బు సగటున 78 రోజులకి వస్తోంది, ఓడీ 12 శాతం మీద వడ్డీ 2.46. వాళ్ళ షార్టేజీ డెబిట్ నోట్లతో కుస్తీ పట్టడానికే అకౌంట్స్ అబ్బాయి సగం టైం పోతోంది, సగం జీతం 1.44. వాళ్ళ ఇన్‌వాయిస్‌లు, స్టిక్కర్ల పనికి బిల్లింగ్ అమ్మాయి జీతంలో 1.31.

వెంటనే "మానేద్దాం" అనకండి. మానేస్తే వ్యాను ఆగుతుంది, కుర్రాళ్ళు ఆగుతారు, రిటర్నులు ఆగుతాయి, కానీ అకౌంట్స్ అబ్బాయినీ బిల్లింగ్ అమ్మాయినీ తీసేయం కదా. ఆ 2.75 మన మీదే ఉంటుంది. అంటే ఈ రోజుకి ఈ రోజు చెయిన్ పోతే మనకు లాభం రాదు, పైగా 1.50 తగ్గుతుంది. కాబట్టి పార్టీని ఉంచుకోవాలి, షరతులు మార్చాలి.

వాళ్ళు అడిగిన 2 శాతం ఊరికే ఇస్తే 1.92 అదనంగా పోయి నష్టం 3.17కి చేరుతుంది. నా ప్రతిపాదన, ఇద్దాం, కానీ బదులుగా తీసుకుందాం. సరుకు స్టోర్లకి కాకుండా గన్నవరం దగ్గరున్న వాళ్ళ గోడౌన్‌కే వారానికి రెండు లోడ్లు. 104 ట్రిప్పులు, ట్రిప్పు 1,900 చొప్పున 1.98, అంటే 4.14 ఆదా. రిటర్నులకి 1.5 శాతం పరిమితి, దాంతో 2.88. సర్దే కుర్రాళ్ళలో ఒక్కడినే ఉంచుతాం, 1.92. అప్పుడు 2 శాతం ఇచ్చాక కూడా ప్లస్ 5.77 నిలుస్తుంది. గోడౌన్ విషయంలో వాళ్ళు ఒప్పుకోకపోతే 2 శాతం మాట ఎత్తనివ్వకండి.

పేమెంటు విషయంలో మన చేతిలో ఒక కాగితం ఉంది, ఎందుకో ఎప్పుడూ వాడలేదు. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీ యూనిట్లకి ఎంఎస్ఎంఈడీ చట్టం 2006 ప్రకారం కొనేవాళ్ళు కాంట్రాక్టులో ఎంత గడువు రాసుకున్నా పేమెంటు 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్బీఐ బ్యాంకు రేటుకి మూడింతలు చక్రవడ్డీ. పైగా ఇన్‌కమ్ ట్యాక్స్ 43బీ(హెచ్) కింద గడువు దాటిన బకాయిని వాళ్ళు చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోగలరు, ఇది 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి అమల్లో ఉంది. గొడవ పెట్టుకోమనట్లేదు. ఉద్యం సర్టిఫికెట్ కాపీ వాళ్ళ అకౌంట్స్ డిపార్ట్‌మెంట్‌కి మర్యాదగా పంపితే చాలు, వాళ్ళ ఆడిటరే మిగతాది చూసుకుంటాడు. 78 రోజులు 45కి వస్తే వడ్డీలో ఇంకో 1.04 మిగులుతుంది.

హోటళ్ళ గ్రూపుది వేరే జబ్బు. రేటు తక్కువైనా పేమెంటు 96 రోజులు, అది ఒక భాగమే. అసలు దెబ్బ మధ్యాహ్నం ఫోన్ చేసి సాయంత్రానికి కావాలనే ఆర్డర్లు, 310 సార్లు, ఆటో కట్టించి ఒక్కోదానికి 950. ఇంకా వాళ్ళ షెఫ్‌కి నచ్చిన ముతక, మెత్తన అని 118 బ్యాచ్‌లు విడిగా ఆడించాం. మిల్లు కడగడం, ఆగడం కలిపి బ్యాచ్‌కి 2,600, ల్యాబు టెస్టు 1,500. మూడు రకాల గ్రైండ్‌కి కుదించి బ్యాచ్‌లు సగం చేస్తే 2.42 మిగులుతుంది. అత్యవసర ఆర్డరుకి 600 డెలివరీ చార్జీ పెడితే సగం ఫోన్లు వాటంతటవే తగ్గుతాయని నా నమ్మకం.

ఇది మన ఒక్కళ్ళ రోగం కాదు. హీటింగ్ ఎలిమెంట్లు తయారుచేసే స్వీడన్ కంపెనీ కాంథల్ 1980ల్లో ఇలాగే కస్టమర్‌వారీగా లెక్క తీస్తే 20 శాతం మంది లాభంలో 225 శాతం తెచ్చారని, 10 శాతం మంది 125 శాతం పోగొట్టారని తేలింది. ఎక్కువ పోగొట్టిన వాళ్ళలో ఇద్దరు అమ్మకాల్లో మొదటి మూడు స్థానాల్లో ఉన్నవాళ్ళే.

ఇంకోటి, సేల్స్ టార్గెట్ ఇన్నాళ్ళూ బిల్లింగ్ మీదే పెట్టాం. అందుకే వాళ్ళు తాడేపల్లిగూడెం వైపు కన్నెత్తి చూడరు. అక్కడ పార్టీ సొంత లారీ పంపుతాడు, ఏడాదికి 24 లోడ్లు, వారంలో డబ్బు, ఒక శాతం క్యాష్ డిస్కౌంటు, రిటర్ను అన్న మాటే లేదు. అలాంటివాళ్ళు భీమవరం, రాజమండ్రిలో ఒక్కొక్కరు దొరికినా చాలు. ఏప్రిల్ నుంచి ఇన్సెంటివ్ ఈ చివరి కాలమ్ మీదే ఇద్దాం.

బుధవారం సాయంత్రం ఆఫీసులో కూర్చుందాం. గేటు దగ్గర ఆగిన టైములన్నీ డ్రైవర్ల చేతిరాతతో ఉన్న లాగ్‌బుక్కు తెస్తాను, వాళ్ళ పర్చేజ్ మేనేజరు నమ్మకపోతే గురువారం అదే చూపిద్దాం.