మొదటి రోజు షిఫ్ట్ మొదలయ్యే ముందు

రండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంకాస్త ముందుకు రండి, ఆ ఫ్యాన్ల మోతలో వెనకవాళ్లకి వినపడదు. మన మేడ్చల్ గోడౌన్‌కి స్వాగతం. నేను మార్నింగ్ షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. పదకొండేళ్ల కింద నేనూ లోడింగ్ పనికే చేరాను, కాబట్టి ఇవాళ మీకున్న టెన్షన్ నాకు తెలుసు. స్కానర్ పట్టడం, ర్యాక్ నంబర్ చదవడం నాలుగు రోజుల్లో అవే వస్తాయి. ఈ వారం ఎన్ని బాక్సులు తీశారని నేను ఎవర్నీ అడగను.

అదిగో, ఆ పసుపు ఫోర్క్‌లిఫ్ట్ చూడండి. ఖాళీగా ఉన్నా చిన్న కార్లు మూడు నాలుగు కలిపినంత బరువు. కారుకి ముందు చక్రాలు తిరుగుతాయి, దీనికి వెనకవి తిరుగుతాయి. అందుకే మలుపు తిప్పగానే వెనక భాగం విసురుగా పక్కకి వస్తుంది, ఫోర్కులకి దూరంగానే ఉన్నాం కదా అని ధీమాగా పక్కన నిలబడినవాడికే దెబ్బ తగులుతుంది. పైగా ముందు లోడ్ ఉంటే డ్రైవర్‌కి మీరు కనపడరు. ఆయన మిమ్మల్ని చూసి చెయ్యి ఊపాకే దాటండి. ఎత్తిన ఫోర్కుల కింద నుంచి మాత్రం ఎవరూ వెళ్లొద్దు, ఎంత తొందరున్నా సరే.

ఇంతకుముందు నేను పనిచేసిన చోట ఒక కుర్రాడు ఎండలు మండుతున్నాయని చెప్పులతో వచ్చాడు. నేను చూశాను, మనకెందుకులే అని ఊరుకున్నాను. మధ్యాహ్నం ర్యాంపు మీద సరుకు లాగే ప్యాలెట్ జాక్ అదుపు తప్పి, లోడ్‌తో సహా చక్రం అతని పాదం మీదికెక్కింది. రెండు వేళ్లు నుజ్జయిపోయాయి. పొద్దున నేను ఒక్క మాట అని ఉంటే ఆగేది, అది నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అందుకే మిమ్మల్ని అడిగేది ఒక్కటే, చూసింది చూసినట్టు చెప్పండి. లారీలు ఆగే డాక్ దగ్గర నీళ్లు కారుతున్నా, ర్యాక్ బీమ్ సొట్టపోయినా, సీనియర్ హెల్మెట్ లేకుండా తిరుగుతున్నా, చివరికి నేనే తప్పు చేస్తున్నా చెప్పండి. అది చాడీ కాదు. పని ఆపినందుకు ఇక్కడ ఎవరూ తిట్టరు, తిడితే నేరుగా నా దగ్గరికి రండి.

బరువు అనిపిస్తే "అన్నా, ఓ చెయ్యి వెయ్యి" అనడానికి మొహమాటపడకండి. ఇద్దరు ఎత్తేటప్పుడు ఒక్కరే లెక్కపెట్టాలి, మూడు అన్నాకే లేపాలి, నడుము కాదు మోకాళ్లు వంచాలి. మనలో ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన అన్నలు చాలామంది ఉన్నారు. కంగారులో వాళ్లకి తెలుగు తట్టదు, మీకు హిందీ తట్టదు. అందుకే "ఆగు", "రుకో" రెండూ అందరికీ వచ్చుండాలి. ఆ మాట ఎవరి నోట విన్నా ఉన్నచోటే ఆగిపోండి, ఎందుకని తర్వాత అడగొచ్చు.

దెబ్బ చిన్నదైనా దాచొద్దు, ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఆఫీసు తలుపు పక్కనే ఉంది. పెద్దదైతే 108కి నేను ఫోన్ చేస్తాను, మీరు నన్ను కేకేయండి.

ఇప్పుడు అటు వెళ్లి షూ, జాకెట్ తీసుకోండి. షూ బిగుతుగా ఉంటే సర్దుకుపోకండి, మార్పించుకోండి. ఒక్కొక్కరికీ ఒక పాత మనిషిని జత చేశాను, పదిన్నర టీ దాకా వాళ్ల పక్కనే ఉండండి.